180 గంటల నాట్యం, 256 జీబీ డిస్కు: సమాన నాణ్యత దగ్గర మూడు కోడెక్‌ల కొలతలు

నల్లకుంటలో కూచిపూడి నేర్పే మా పిన్ని దగ్గర పదమూడేళ్ల ప్రదర్శనల వీడియోలు 180 గంటలు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం రవీంద్రభారతిలోను, మిగిలినవి చిన్న సభా మందిరాల్లోను తీసినవి. అన్నీ 1920 × 1080 కొలతలో, సెకనుకు 24 మెగాబిట్ల హెచ్.264 ఫైళ్లు. గంటకు 10.8 జీబీ చొప్పున మొత్తం 1,944 జీబీ అవుతుంది. అసలు ఫైళ్లు రెండు పెద్ద డిస్కుల్లో అలాగే ఉంటాయి, వాటిని చెరపడం లేదు. తరగతికి తీసుకువెళ్లి విద్యార్థినులకు చూపించడానికి మొత్తం సంపుటి 256 జీబీ చిన్న డిస్కులో పట్టాలి, చూసేటప్పుడు అసలుకూ నకలుకూ తేడా తెలియకూడదు. ఈ రెండు షరతుల మీదనే ఈ డైరీ నడుస్తుంది.

పోల్చిన కోడెక్‌లు, అంటే వీడియోను కుదించే పద్ధతులు, మూడు: 2003 నాటి హెచ్.264, 2013 నాటి హెచ్.265, 2018లో వెలువడిన ఏవీ1. వీటికి వాడిన ఎన్‌కోడర్లు వరుసగా `libx264`, `libx265`, `libsvtav1`; మూడూ `ffmpeg` ద్వారానే నడిచాయి. యంత్రం ఎనిమిది కోర్ల డెస్క్‌టాప్.

దశ 1: నమూనాల ఎంపిక, మొదటి పొరపాటు

ఒక్కొక్కటి 40 సెకన్లు, అంటే సరిగ్గా 1,000 ఫ్రేములు ఉండేలా మూడు ముక్కలు ఎంచుకున్నాను.

1. తరంగం: ఇత్తడి పళ్లెం అంచున నిలబడి చేసే నృత్యం. నిండు వెలుతురు, వేగంగా కదిలే పాదాలు, ఊగే కుచ్చిళ్లు.
2. నీలితెర: వేదిక దాదాపు చీకటి. వెనక తెర మీద నీలి కాంతి పై నుంచి కిందకి మెల్లగా పలచబడుతుంది.
3. మృదంగం: వాద్యబృందం దగ్గరి దృశ్యం. కెమెరా కదలదు. పట్టుచీర జరీ, మృదంగం చర్మం, కలప గీతలు స్పష్టంగా కనిపిస్తాయి.

ముక్కలను `-c copy` తో కోసి వాటిని ప్రమాణంగా పెట్టుకున్నాను. నకళ్లను మాత్రం అసలు పెద్ద ఫైలు నుంచే `-ss` తో సమయం చెప్పి తయారుచేశాను. తరువాత నాణ్యతను వీమాఫ్ అనే కొలమానంతో చూశాను. ఇది 2016లో నెట్‌ఫ్లిక్స్ బయటపెట్టిన కొలమానం. అసలు ఫ్రేమును నకలు ఫ్రేముతో పోల్చి సున్నా నుంచి 100 వరకు అంకె ఇస్తుంది. తరంగం ముక్కకు 37 వచ్చింది. కంటికి ఏ లోపమూ కనపడని వీడియోకు 37 రావడమంటే కొలతలోనే లోపం ఉందని అర్థం. అయినా మృదంగం ముక్కకు 88 వచ్చినందువల్ల నేను రెండు రోజులు తప్పు దారిలో నడిచాను, తరంగంలో వేగం ఎక్కువ కాబట్టి ఎన్‌కోడర్లు తట్టుకోలేకపోతున్నాయని అనుకున్నాను.

అసలు కారణం వేరు. `-c copy` తో కోసినప్పుడు కోత అడిగిన చోట పడదు, అంతకు ముందున్న కీఫ్రేము, అంటే వేరే ఫ్రేముల మీద ఆధారపడని పూర్తి ఫ్రేము, దగ్గర పడుతుంది. నా ప్రమాణం నకలు కంటే ఏడు ఫ్రేములు ముందుగా మొదలవుతోంది, కాబట్టి ప్రతి ఫ్రేమూ తనది కాని ఫ్రేముతో పోల్చబడుతోంది. కెమెరా కదలని మృదంగం దృశ్యంలో ఏడు ఫ్రేముల తేడా పెద్దగా పట్టుబడలేదు. వేగమైన దృశ్యం ఘోరంగా, నిశ్చలమైన దృశ్యం ఫరవాలేదన్నట్టుగా అంకెలు వస్తే ముందు ఫ్రేముల వరుసనే అనుమానించాలి.

మార్చినది: ప్రతి ముక్కనూ ఒకసారి పూర్తిగా విప్పి, నష్టం లేని ఎఫ్ఎఫ్‌వీ1 ఫైలుగా రాసుకున్నాను. ఒక్కొక్కటి సుమారు 1.3 జీబీ అయింది. ప్రమాణమూ అదే, మూడు ఎన్‌కోడర్లకు ముడిసరుకూ అదే. కొలిచే ఆదేశంలో రెండు వైపులా సమయాన్ని సున్నా నుంచి మొదలుపెట్టించాను. మొదట నకలు, రెండోది అసలు. ఈ వరుస తారుమారు కాకూడదు.

```
ffmpeg -i enc.mkv -i ref.mkv -lavfi \
"[0:v]setpts=PTS-STARTPTS,format=yuv420p10le[d];\
[1:v]setpts=PTS-STARTPTS,format=yuv420p10le[r];\
[d][r]libvmaf=log_fmt=json:log_path=a.json" -f null -
```

పని మొదలుపెట్టే ముందు ప్రమాణాన్ని దానితోనే పోల్చి చూడడం మంచిది. అప్పుడు కూడా సరిగ్గా 100 రాకపోవచ్చు, 97 లేదా 98 దగ్గర ఆగవచ్చు. అది లోపం కాదు, ఆ కొలమానం తీరే అంత.

దశ 2: ఒకే సీఆర్ఎఫ్ అనే ఉచ్చు

మూడు ఎన్‌కోడర్లకూ సీఆర్ఎఫ్ 23 ఇచ్చి ఫైళ్ల పరిమాణం పోల్చిన ఒక సాయంత్రం మొత్తం వృథా అయింది. సీఆర్ఎఫ్ అనేది నాణ్యతకు ఆయా ఎన్‌కోడర్ తన సొంత కొలబద్ద మీద పెట్టుకున్న గుర్తు మాత్రమే; అంకె తగ్గే కొద్దీ నాణ్యత, ఫైలు పరిమాణం రెండూ పెరుగుతాయి. `libx264` లో ముందుగా పెట్టి ఉండే విలువ 23, `libx265` లో 28. ఏవీ1 కొలబద్దైతే పొడవులోనే వేరు, అది 60 దాటి సాగుతుంది. ఒకరి గజం, ఇంకొకరి మీటరు, మరొకరి మూర పక్కపక్కన పెట్టి ముగ్గురి బట్టా సమానమన్నట్టే ఉంటుంది.

సమాన నాణ్యత దగ్గర పరిమాణం తెలియాలంటే ముందు నాణ్యతను ఒక చోట కట్టివేయాలి. పద్ధతి ఇలా స్థిరపడింది:

1. ప్రతి ఎన్‌కోడర్‌తో ప్రతి ముక్కకూ నాలుగు వేర్వేరు సీఆర్ఎఫ్ విలువల దగ్గర ఫైళ్లు తయారుచేయాలి.
2. ప్రతి ఫైలుకూ బిట్‌రేటు, వీమాఫ్ రాసుకోవాలి.
3. లక్ష్యం వీమాఫ్ 94 అనుకుని, దానికి పైన ఒకటి, కింద ఒకటి ఉన్న రెండు బిందువుల మధ్య బిట్‌రేటును లెక్కగట్టాలి. బిట్‌రేటు పెరిగే కొద్దీ నాణ్యత పెరుగుదల మందగిస్తుంది కాబట్టి ఈ లెక్క బిట్‌రేటు లాగరిథమ్ మీద చేయాలి.

తరంగం ముక్కకు హెచ్.264 లెక్క ఇలా వచ్చింది. సీఆర్ఎఫ్ 21 దగ్గర 7,900 కేబీపీఎస్, వీమాఫ్ 95.6. సీఆర్ఎఫ్ 24 దగ్గర 5,100 కేబీపీఎస్, వీమాఫ్ 92.6. లక్ష్యమైన 94 ఈ రెండింటి మధ్య కింది నుంచి 1.4 ÷ 3.0 వంతు, అంటే 0.467 దూరంలో ఉంది.

```
5100 × (7900/5100)^0.467 ≈ 6260
```

ఇదే విధంగా హెచ్.265 కు 4,480, ఏవీ1 కు 3,600 కేబీపీఎస్ వచ్చాయి. 40 సెకన్ల ఫైలుగా చెప్పుకుంటే 31.3, 22.4, 18.0 ఎంబీ. హెచ్.264 తో పోలిస్తే హెచ్.265 లో 28 శాతం, ఏవీ1 లో 42 శాతం తగ్గుదల. ఒకే బిందువు దగ్గర కాకుండా వక్రం పొడవునా సగటు తీసే బియోంటెగార్డ్ పద్ధతి కూడా ఉంది కానీ, నాకు కావలసింది ఒకే ఒక నాణ్యత స్థాయి కాబట్టి ఆ జోలికి పోలేదు.

ప్రీసెట్లు: హెచ్.264 కు `slower`, హెచ్.265 కు `slow`, ఏవీ1 కు 4. పాత ఎన్‌కోడర్‌ను తొందరపెట్టి, కొత్తదానికి తీరిక ఇచ్చి పోలిస్తే వచ్చే లాభం కోడెక్‌ది కాదు, తీరికది. అందుకే పాతదానికి కూడా బాగా నెమ్మదైన ప్రీసెట్ ఇచ్చాను.

ఈ దశ చివర మొత్తాలు, వీమాఫ్ 94 దగ్గర, హెచ్.264 నుంచి ఏవీ1 కు:
- తరంగం: 31.3 → 18.0 ఎంబీ, తగ్గుదల 42 శాతం
- నీలితెర: 13.0 → 8.0 ఎంబీ, తగ్గుదల 38 శాతం
- మృదంగం: 15.0 → 8.4 ఎంబీ, తగ్గుదల 44 శాతం

దశ 3: నీలితెర మీద పట్టీలు

లెక్క ప్రకారం ఇక్కడితో పని అయిపోవాలి. ఆ రాత్రి గదిలో దీపాలు ఆర్పి 43 అంగుళాల టీవీ మీద మూడు ముక్కలూ పిన్నికి వేసి చూపించాను. వీమాఫ్ మామూలు నమూనాను తెర ఎత్తుకు మూడు రెట్ల దూరం నుంచి చూసే చూపును దృష్టిలో పెట్టుకుని తయారుచేశారు, కాబట్టి కుర్చీని టీవీకి 1.6 మీటర్ల దూరంలో వేశాను. నీలితెర మొదలైన అయిదో సెకనులోనే పిన్ని, "ఏరా, వెనక తెర మీద మెట్లు కట్టినట్టు పట్టీలు పట్టీలుగా కనపడుతోందేమిటి?" అన్నారు. పగటి వెలుతురులో, కంప్యూటర్ తెర మీద, నాకు అవి కనపడలేదు.

కారణం ఇది. చీకటి దృశ్యంలో కెమెరా పుట్టించే సన్నని రవ్వలాంటి మచ్చలు నిజానికి మేలే చేస్తాయి. ఎనిమిది బిట్లలో చీకటి నీలానికి ఉన్న ఛాయలు చాలా తక్కువ, ఒక ఛాయకూ దాని పక్క ఛాయకూ మధ్య ఉండే అంచును ఆ మచ్చలు చెరిపి కలిపేస్తాయి. ఎన్‌కోడర్ బిట్లు పొదుపు చేయడానికి ముందుగా ఆ మచ్చలనే తుడిచేస్తుంది, అంచులు బయటపడతాయి. అంకెల్లో చూస్తే ఒక్కొక్క పిక్సెల్ తేడా ఒక మెట్టు మాత్రమే, అందుకే వీమాఫ్ దీన్ని దాదాపు పట్టించుకోదు. సగటు కాదు, అన్నిటికంటే తక్కువ అంకె వచ్చిన ఫ్రేములను వెతికినా దొరకలేదు. ఒక్కో ఫ్రేము అంకె 93కు తగ్గలేదు.

పట్టీలను మాత్రమే కొలిచే క్యాంబీ అనే వేరే కొలమానం `libvmaf` లోనే ఉంది. అందులో సున్నా అంటే పట్టీలు లేవు, 5 దగ్గర చూపుకు ఇబ్బంది మొదలవుతుంది. నా ఏవీ1 ఫైలుకు 7.8, హెచ్.264 ఫైలుకు 6.9 వచ్చాయి. పిన్ని కన్ను, క్యాంబీ ఒకే మాట చెప్పాయి.

మార్చినవి:

1. అసలు ఎనిమిది బిట్లదే అయినా, ఏవీ1 నూ హెచ్.265 నూ పది బిట్లలో ఎన్‌కోడ్ చేశాను. ఛాయల మధ్య మెట్టు నాలుగో వంతుకు తగ్గుతుంది, కాబట్టి మచ్చలు పోయినా అంచు తేలదు. ఏవీ1 క్యాంబీ 7.8 నుంచి 3.1 కు దిగింది.
2. హెచ్.264 కు ఈ వెసులుబాటు లేదు. పది బిట్ల హెచ్.264 ఎన్‌కోడ్ అవుతుంది కానీ, టీవీలలోను ఫోన్లలోను ఉండే హార్డ్‌వేర్ డీకోడర్లు దాన్ని సాధారణంగా ఆడించవు. అందుకని చీకటి భాగాలకు ఎక్కువ బిట్లు కేటాయించే `aq-mode=3` పెట్టి, ఆ మచ్చలు మిగిలేంతవరకు సీఆర్ఎఫ్ తగ్గిస్తూ పోయాను. 17 దగ్గర పట్టీలు మాయమయ్యాయి.

కంటికి సమానమైన చోట పరిమాణాలు: హెచ్.264 24.5, హెచ్.265 14.0, ఏవీ1 11.0 ఎంబీ. వీమాఫ్ చెప్పిన 38 శాతం ఇక్కడ 55 శాతమైంది. అందులో చాలా భాగం కుదింపు తెలివి వల్ల వచ్చినది కాదు, పది బిట్లను ఏవీ1 డీకోడర్లు ఆడించగలగడం వల్ల వచ్చినది.

దశ 4: జరీ పోయిన పట్టుచీర

మృదంగం ముక్కలో సరిగ్గా దీనికి ఎదురుగా జరిగింది. అంకె ఒకటే 94. కానీ ఏవీ1 నకలులో జరీ గీతలు నూనె రాసినట్టు నునుపయ్యాయి, మృదంగం చర్మం మీది గరుకుతనం పోయింది. హెచ్.264 నకలులో ఆ గరుకు ఉంది, కాకపోతే అది అసలులో ఉన్న చోటే ఉండదు, దానికి దగ్గర పోలిక మాత్రమే. `libx264` లో ముందే ఆన్ చేసి ఉండే సై-ఆర్‌డీ అనే సర్దుబాటు చేసే పని ఇదే: అంకె కొంచెం పోయినా సరే, కంటికి నేత కనపడేలా చూస్తుంది. పిక్సెల్‌ను పిక్సెల్‌తో పోల్చే కొలమానానికి తప్పు చోటున్న గరుకు కంటే నునుపే నయమనిపిస్తుంది, కంటికి అలా అనిపించదు. పైగా `libsvtav1` ముందుగా పెట్టి ఉంచే ట్యూను అంకెల కొలమానాన్ని మెప్పించేది.

ఇలాంటి తేడాల్లో నా కన్నును నేనే నమ్మలేను, ఏ ఫైలు ఏదో నాకు ముందే తెలుసు కాబట్టి. తమ్ముడి చేత ఫైళ్ల పేర్లు మార్పించాను. చూసేవారికి మొదట అసలు, తరువాత నకలు, మూడోసారి ఆ రెండింటిలో ఏదో ఒకటి వేయాలి, మూడోది ఏదో వారు చెప్పాలి. ఒక్కొక్కరికి పది సార్లు. ఏమీ తెలియక ఊహించి చెప్పినా పదిలో తొమ్మిది లేక పది సరిపోయే అవకాశం 11 ÷ 1024, అంటే దాదాపు ఒక శాతమే. అదే ఎనిమిది దాకా ఒప్పుకుంటే అయిదు శాతం పైనే. అందువల్ల తొమ్మిది గాని అంతకంటే ఎక్కువ గాని సరిగ్గా చెబితేనే తేడా నిజంగా కనపడినట్టు లెక్క.

మొదటి ఏవీ1 నకలును పిన్ని పదికి పది పట్టేశారు, ఆమె దగ్గర పెద్ద తరగతి అమ్మాయి తొమ్మిది. అప్పుడు అంకెను కాక కంటిని మెప్పించే `tune=0` పెట్టి, సీఆర్ఎఫ్‌ను రెండేసి తగ్గిస్తూ వచ్చి చివరికి 29 దగ్గర ఆగాను. అక్కడ పిన్నికి ఆరు, ఆ అమ్మాయికి అయిదు, తమ్ముడికి నాలుగు వచ్చాయి. ఫైలు 8.4 నుంచి 10.6 ఎంబీకి పెరిగింది. హెచ్.264 ఫైలు 15.0 ఎంబీ దగ్గరే ఈ పరీక్షను దాటింది. 44 శాతం అనుకున్న లాభం 29 శాతానికి దిగింది.

తరంగం ముక్కలో మాత్రం అంకె, కన్ను ఒక్కటే చెప్పాయి, మార్చవలసింది ఏమీ లేకపోయింది.

కంటికి సమానమైన చోట మూడు ముక్కల మొత్తాలు, 120 సెకన్లకు:
- హెచ్.264: 31.3 + 24.5 + 15.0 = 70.8 ఎంబీ
- హెచ్.265: 22.4 + 14.0 + 12.0 = 48.4 ఎంబీ
- ఏవీ1: 18.0 + 11.0 + 10.6 = 39.6 ఎంబీ

ఇదే నిష్పత్తిలో 180 గంటలకు 382, 261, 214 జీబీ. అంటే 256 జీబీలో పట్టేది ఏవీ1 ఒక్కటే.

దశ 5: ఒకే అమరిక, వేసవి వేడి

180 గంటల్లో ఏది తరంగమో ఏది నీలితెరో చూసి దృశ్యానికొక సీఆర్ఎఫ్ పెట్టడం జరిగే పని కాదు. అన్నిటికీ పనికొచ్చే విలువ అంటే అన్నిటికంటే కఠినమైన ముక్క అడిగిన విలువే, అది 29. అలా చేస్తే తరంగం అవసరానికి మించి పెరిగి 22.7 ఎంబీ, నీలితెర 11.6, మృదంగం 10.6, మొత్తం 44.9. 180 గంటలకు 242 జీబీ. ధ్వనిని ఓపస్‌లో 96 కేబీపీఎస్‌గా ఉంచితే ఇంకో 8 జీబీ. మిగులు ఆరు జీబీ మాత్రమే.

```
ffmpeg -i in.mts -c:v libsvtav1 -preset 4 -crf 29 \
-pix_fmt yuv420p10le -g 250 -svtav1-params tune=0 \
-c:a libopus -b:a 96k out.part.mkv
```

మూడు ముక్కల నుంచి 180 గంటలను ఊహించడం సాహసమే, అందుకని వేర్వేరు సంవత్సరాల నుంచి ఆరు పూర్తి గంటలు నడిపి చూశాను. గంటకు 1.27 జీబీ వచ్చింది. వేదిక మీద ఎవరూ లేని నిమిషాలు, ప్రసంగాలు నేను అనుకున్నదాని కంటే ఎక్కువ. కొత్త అంచనా: వీడియో 228.6, ధ్వని 7.8, మొత్తం 236.4 జీబీ.

వేగం కొలతలు మొదట పొంతన లేకుండా వచ్చాయి. ఒకే ఫైలు ఉదయం సెకనుకు 18 ఫ్రేములు, మధ్యాహ్నం 11. ఏప్రిల్ నెల, పై అంతస్తు గది. ప్రాసెసర్ వేడెక్కి తన వేగాన్ని తానే తగ్గించుకుంటోంది. పరిమాణం మీద దీని ప్రభావం లేదు కానీ, పగలు కొలిచిన వేగాలన్నీ కొట్టేసి తెల్లవారుజామున మళ్లీ కొలిచాను. హెచ్.264 36, హెచ్.265 12, ఏవీ1 18 ఫ్రేములు. ఏవీ1 హెచ్.265 కంటే వేగంగా నడవడం నేను ఎదురుచూడనిది. ప్రీసెట్ 4 కాకుండా 2 పెడితే ఈ మాట నిలవదు.

మొత్తం 1.62 కోట్ల ఫ్రేములు, సెకనుకు 18 చొప్పున 250 గంటలు. రాత్రి 11 నుంచి ఉదయం 8 వరకు మాత్రమే నడిపితే 28 రాత్రులు. కరెంటు పోయినప్పుడు సగంలో ఆగిన ఫైలు పూర్తయినదిగా లెక్కలోకి రాకుండా, పని జరుగుతున్నంతసేపు పేరులో `.part` ఉంచి, ఫ్రేముల సంఖ్య అసలుతో సరిపోయాకనే పేరు మారుస్తున్నాను. ఇప్పటికి రెండు ఫైళ్లు ఇలా పట్టుబడ్డాయి.

ఇంట్లోని పాత టీవీ ఏవీ1 ఆడించదు, తరగతిలో వాడే ల్యాప్‌టాప్ మాత్రం ఇబ్బంది లేకుండా ఆడిస్తోంది. ఇంట్లో చూడాలనుకున్నప్పుడు ల్యాప్‌టాప్‌నే టీవీకి తగిలిస్తున్నాము.

దశ 6: 19వ రాత్రి తరువాత

ఇప్పటివరకు: 123 గంటలు పూర్తి, 161 జీబీ.

ఇక్కడ ఒక చిక్కు తగిలింది. 2011 నాటి తొమ్మిది గంటల ఫైళ్లలో చేతులు కదిలినప్పుడు దువ్వెన పళ్లలాంటి గీతలు వచ్చాయి. `idet` తో చూస్తే అవి ఇంటర్‌లేస్డ్ వీడియోలని తేలింది: సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కొక్క ఫ్రేములో వేర్వేరు క్షణాలవి రెండు సగాలు. హెచ్.264 కు ఇలాంటి వీడియోను ఉన్నది ఉన్నట్టుగా కుదించే సాధనాలు ఉన్నాయి, ఏవీ1 లో అవి లేవు. సాదా ఫ్రేములుగా భావించి ఎన్‌కోడ్ చేస్తే ఆ గీతలే వివరాలనుకుని వాటి మీద బిట్లు ఖర్చు చేస్తుంది. కాబట్టి ముందుగా `bwdif` తో విడదీసి సెకనుకు 50 ఫ్రేములు చేయాలి. 25 కు దించితే జతుల దగ్గర కదలిక తెగిపోతోంది.

ఒక గంట నడిపి చూశాను. ఫ్రేములు రెట్టింపైనా ఫైలు రెట్టింపు కాలేదు, పక్కపక్క ఫ్రేముల పోలిక ఎక్కువ కాబట్టి 1.27 కు బదులు 1.6 జీబీ అయింది. తొమ్మిది గంటలకు అదనం 3 జీబీ, సమయం అదనంగా ఒక రాత్రికి పైనే. మొత్తం అంచనా ఇప్పుడు 239.4 జీబీ. దీని నాణ్యత కొలవడానికి ప్రమాణంగా విడదీసిన తరువాతి ఎఫ్ఎఫ్‌వీ1 ఫైలునే పెట్టాను. అలా పెడితే `bwdif` స్వయంగా చేసిన నష్టం ఆ అంకెలో కనపడదు, అందుకే ఈ తొమ్మిది గంటలను పిన్ని పరీక్షకు విడిగా ఉంచాను.